తొమ్మిది రోజుల బాబు, ఒక కిటికీ, ఒక పాత పంచె: ఇంట్లోనే ఫొటోలు

ప్రశ్న: మా బాబుకి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. వైజాగ్ లోనే, సీతమ్మధారలో ఉంటాం. స్టూడియోకి తీసుకెళ్దామంటే మా అత్తగారు ఇరవై ఒకటో రోజు దాకా గడప దాటనివ్వనంటున్నారు. ఇంట్లో ఫోన్ తో తీస్తుంటే మొహం పచ్చగా వస్తోంది, ముక్కు పెద్దగా, నీడలు నల్లగా పడుతున్నాయి. స్టూడియో ఫొటోల్లా మెత్తగా రావాలి, వాడికి ఏ ఇబ్బందీ ఉండకూడదు. గడ్డం కింద రెండు చేతులు పెట్టుకుని పడుకున్న పోజు ఇంట్లో కుదురుతుందా?

జవాబు:

ముందు ఆ పోజు సంగతి చెప్పేస్తాను, అది ఇంట్లో చెయ్యకండి. నేను పద్నాలుగేళ్ళుగా ఇక్కడే పసిపిల్లల ఫొటోలు తీస్తున్నాను, దాన్ని మా వాళ్ళు కప్ప పోజు అంటారు, మీరు చూసే ఆ ఫొటో నిజానికి ఒక ఫొటో కాదు. ఒకసారి ఒకరు బిడ్డ తల పట్టుకుంటారు, ఇంకోసారి మణికట్లు పట్టుకుంటారు, తర్వాత కంప్యూటర్ లో రెండూ కలిపి పట్టుకున్న చేతుల్ని చెరిపేస్తారు. అంటే ఆ బిడ్డ ఒక్క క్షణం కూడా తన తలని తన చేతుల మీద మోయలేదన్నమాట. పుట్టిన బిడ్డకి తల బరువు ఎక్కువ, మెడకి ఇంకా బలం ఉండదు, తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుకుందంటే సన్నటి ఊపిరి గొట్టం మడతపడిపోతుంది, పైగా ఊపిరి ఆడకపోయినా వాడు గట్టిగా ఏడవలేడు. ఫొటో కోసం బుట్టలో కూర్చోబెట్టడం, కొమ్మకి చీర కట్టి వేలాడదియ్యడం, బోర్లా పడుకోబెట్టి కాళ్ళు మడవడం, వీటన్నిటికీ నా జవాబు ఇదే. మీ అత్తగారు గడప దాటనివ్వకపోవడం ఈ విషయంలో మీకు మంచే చేసింది.

అయితే మెత్తదనం పోజులో లేదండి, వెలుగులో ఉంది. బిడ్డ మామూలుగా వెల్లకిలా పడుకుని ఉంటే చాలు, వెలుగు ఎటు నుంచి వస్తోందన్నది సరి చేసుకుంటే అదే ఫొటో మారిపోతుంది. కాబట్టి నేను చెప్పేదంతా ఒకే ఏర్పాటు గురించి: నేల మీద పరుపు, పక్కన కిటికీ, తల కిటికీ వైపు.

నేల మీద అని ఎందుకంటున్నానంటే, మంచం మీద నుంచీ సోఫా మీద నుంచీ పడేంత దొర్లడం వాడికి రాదు, నిజమే, కానీ ఉలిక్కిపడి కాళ్ళు తన్నితే జారతాడు, మనం ఆ టైంలో ఫోన్ లో చూస్తూ ఉంటాం. నేల మీద ఉంటే పడడానికి ఎత్తే లేదు. మీ ఇంట్లో పాత చీరల బొంత ఉంటే అది రెండు మడతలేసి పరవండి, దాని మీద లేత రంగు నూలు గుడ్డ ముడతల్లేకుండా లాగి పెట్టండి. మరీ మెత్తటి దిండ్లూ, బొచ్చు దుప్పట్లూ వద్దు, మొహం ఓ పక్కకి తిరిగితే ముక్కు అందులో కూరుకుపోతుంది. ఎర్ర దుప్పటి, ముదురు పసుపు టవలు కూడా వద్దు, ఎందుకో తర్వాత చెప్తాను. ఫొటో తీసే మనిషి కాకుండా ఇంకో మనిషి, ఫోన్ ముట్టుకోని మనిషి, బిడ్డకి జానెడు దూరంలో చెయ్యి పెట్టుకుని కూర్చోవాలి. ఆ మనిషికి వేరే పని ఉండకూడదు. నాకు తెలిసి ఈ పనికి నాయనమ్మ, అమ్మమ్మలని మించినవాళ్ళు లేరు. ఓ ఇంట్లో నేను బిడ్డని కాస్త పక్కకి తిప్పబోతుంటే ఒక పెద్దావిడ "ఏటమ్మా అలాగ తిప్పుతున్నావు, ఊపిరి ఆడొద్దేటి పిల్లడికి" అని నా చెయ్యి పక్కకి తోసేసింది. నాకు అప్పటికే ఎనిమిదేళ్ళ అనుభవం, అయినా ఆవిడదే కరెక్ట్.

నా వైపు నుంచి జరిగిన తప్పొకటి కూడా చెప్పాలి. మా చెల్లి కూతురు పుట్టిన పదో రోజున, పైనుంచి మొహం ఫొటో తీద్దామని ఒక్క చేత్తో ఫోన్ పట్టుకుని వంగాను. నూనె రాసిన చేతులతో బిడ్డని సర్ది, తుడుచుకోకుండానే ఫోన్ పట్టుకున్నాను, జారింది. బిడ్డ చెవికి మూడు వేళ్ళ దూరంలో పడింది. మా చెల్లి ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. అప్పటినుంచి పైనుంచి తీసే ఫొటో అంటే ఫోన్ కి తాడు కట్టి మణికట్టుకి చుట్టుకుంటాను, రెండు చేతులతో పట్టుకుంటాను, అదీ మొహానికి సూటిగా పైన కాకుండా ఛాతీ పక్క నుంచి వంగి తీస్తాను. తాడు లేకపోతే పైనుంచి తియ్యనే తియ్యను. ట్రైపాడ్ బిడ్డ మీదకి వంచి పెట్టడం అంతకన్నా ప్రమాదం, పొరపాటున కాలు తగిలినా, ఫ్యాన్ గాలికి తూలినా నేరుగా మీద పడుతుంది.

ఇక వెలుగు. ట్యూబ్ లైటు, బల్బు అన్నీ ఆపెయ్యండి. మీకు నల్లటి నీడలు పడడానికి సగం కారణం ఆ ట్యూబ్ లైటే, ఇంకో సగం నేరుగా పడే ఎండ. మన ఊళ్ళో సముద్రం తూర్పు వైపు కాబట్టి అటు కిటికీలున్న ఇళ్ళల్లో పొద్దున్న ఎండ నేరుగా లోపలికొచ్చి పడుతుంది, అప్పుడు తీస్తే మొహం సగం తెలుపు సగం నలుపు వస్తుంది, బిడ్డ కళ్ళు కూడా చికిలిస్తాడు. ఎండ నేల మీద పడకుండా, గదంతా మామూలుగా వెలుగున్న కిటికీ ఎంచుకోండి. ఉత్తరం వైపు కిటికీ ఉంటే రోజంతా బావుంటుంది. తూర్పు కిటికీ ఒక్కటే దిక్కైతే మధ్యాహ్నం తియ్యండి, పడమర దిక్కైతే పొద్దున్న. మబ్బు పట్టిన రోజైతే ఏ కిటికీ అయినా పరవాలేదు, ఆషాఢం, శ్రావణం మబ్బుల్లో నేను తీసిన ఫొటోలే నా దగ్గర అన్నిటికన్నా మెత్తగా ఉంటాయి.

ఆ కిటికీకి తెల్ల పంచె ఒక్క పొర కట్టండి. కొత్తది కాదు, నాలుగేళ్ళు ఉతికి పల్చబడిందైతే ఇంకా మంచిది. చిన్న దీపం నీడ గట్టిగా ఉంటుంది, పెద్ద కిటికీ నీడ పల్చగా ఉంటుంది, పంచె కడితే కిటికీ మొత్తం ఒక పెద్ద తెల్ల దీపం అయిపోతుంది, అంతే ఇందులో కిటుకు. బిడ్డ కిటికీకి మూడడుగుల్లో ఉండాలి. మరీ లోపలికి పోతే వెలుగు తగ్గి ఫోన్ గరుకు గరుకుగా తీస్తుంది.

తల ఎటు పెట్టాలన్నది ఈ మొత్తంలో అసలు విషయం. బిడ్డ తల కిటికీ వైపు, కాళ్ళు గది లోపలికి, అయితే సూటిగా కాదు, కొంచెం ఐమూలగా. అప్పుడు వెలుగు నుదుటి మీద పడి, ముక్కు మీదుగా గడ్డం వైపు జారుతుంది. ముక్కు కింద చిన్న నీడ పడాలి, కనురెప్పల వెంట్రుకల నీడ బుగ్గ మీద సన్నగా కనిపించాలి. అది కనిపిస్తే సరిగ్గా పెట్టినట్టే. దీన్నే తిరగేసి, కాళ్ళు కిటికీ వైపు పెట్టారనుకోండి, వెలుగు ముక్కు రంధ్రాల్లోకి పోతుంది, ముక్కు నీడ నుదుటి వైపు పైకి లేస్తుంది, చీకట్లో గడ్డం కింద టార్చి పెట్టుకుని పిల్లల్ని భయపెడతాం చూడండి, అచ్చం అలాగ. మీ ఫొటోల్లో ముక్కు పెద్దగా కనిపించడానికి ఇదో కారణం అయ్యుండొచ్చు. ఇంకో కారణం ఫోన్ ని మరీ దగ్గరికి పెట్టడం. దగ్గర నుంచి తీస్తే ముందున్నదే పెద్దగా, వెనకున్నది చిన్నగా పడుతుంది, చిన్న మొహం కాబట్టి ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండు మూడడుగులు వెనక్కి జరిగి 2x నొక్కి తియ్యండి. 0.5x వైపు పోనే పోవద్దు.

కిటికీకి అవతలి పక్క బుగ్గ ఇంకా చీకటిగా ఉంటే అటు వైపు తెల్ల థర్మోకోల్ షీటో తెల్ల టవలు కప్పిన పీటో నిలబెట్టండి, బిడ్డ మీద పడనంత దూరంలో, ఎవరైనా పట్టుకుంటే ఇంకా మంచిది. చీకటి పూర్తిగా పోనివ్వకండి, కొంచెం నీడ ఉంటేనే బుగ్గ గుండ్రంగా కనిపిస్తుంది.

కిందటేడు ఎంవీపీ కాలనీలో తీసినదొకటి చెప్తాను, మీ పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. రెండో అంతస్తు, పన్నెండు రోజుల బాబు, గది చిన్నది, కిటికీ పడమర వైపు. పొద్దున్న తొమ్మిదిన్నరకి మొదలెట్టాం. ఏసీ ఆపించాను, ఫ్యాన్ ఒకటో నంబర్ లో ఉంచి బిడ్డకి నేరుగా తగలని పక్కన పరుపేశాం. మన ఊరి ఉక్కలో హీటర్లు గీటర్లు అక్కర్లేదండి, చలిదేశాల వీడియోలు చూసి కొందరు పెడతారు, బిడ్డకి ఒళ్ళు పేలిపోతుంది. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమట తడి తగిలితే వేడి ఎక్కువైనట్టు, చర్మం మీద వల వేసినట్టు మచ్చలు మచ్చలుగా కనిపిస్తే చల్లబడినట్టు, వెంటనే కప్పండి. అరచేతులు పాదాలు కొంచెం నీలంగా ఉండడం తొలి రోజుల్లో మామూలే, పెదాలూ నాలుకా నీలంగా కనిపిస్తే మాత్రం ఫోన్ పక్కన పడేసి ఆసుపత్రికి పరిగెత్తాలి.

పాలు పట్టించి, తేన్పు తెప్పించి, ఒళ్ళోనే పావుగంట ఉంచమన్నాను. చెయ్యి కొంచెం ఎత్తి వదిలితే గుడ్డ ముక్కలాగా వాలిపోతే గాఢ నిద్ర, వెనక్కి లాక్కుంటే ఇంకా పడలేదు. వాడు మొదట వెనక్కి లాక్కున్నాడు, అప్పుడు మొదలెట్టి ఉంటే మొత్తం పాడయ్యేది, ఇంకో పది నిమిషాలు ఆగాం. నిద్రపోయాక పల్చటి నూలు గుడ్డలో చుట్టాం. ఛాతీ దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులు, తుంటి కింద కాళ్ళు కప్పలాగా మడుచుకునేంత వదులు, కాళ్ళు తిన్నగా లాగి బిగించి చుడితే తుంటి కీళ్ళకి మంచిది కాదు. గుడ్డ భుజాలు దాటి పైకి రాలేదు. బొడ్డు ఇంకా ఊడలేదు కాబట్టి అక్కడ గుడ్డ రాసుకోకుండా చూసుకున్నాం, ఫొటోలో బొడ్డు కనపడకుండా ఉండడానికి కూడా ఈ చుట్టడమే పనికొచ్చింది.

మొదటి ఫొటో చూస్తే నీడంతా ఆకుపచ్చగా ఉంది. ఏంటా అని చూస్తే గది గోడ లేత ఆకుపచ్చ. కిటికీ వెలుగు గోడకి తగిలి ఆ రంగే బిడ్డ బుగ్గ మీద పడుతోంది. గోడకి తెల్ల దుప్పటి తగిలించాం, పోయింది. ఎర్ర దుప్పటి వద్దన్నది ఇందుకే, దగ్గరున్న ప్రతి రంగూ పసి చర్మం మీదకి దూకుతుంది. బిడ్డ వేసుకున్న బట్ట కూడా తెలుపో, మట్టిరంగో, లేత బూడిదో అయితే బావుంటుంది.

ఫోన్ లో చేసింది ఇంతే: కెమెరాలో Pro మోడ్ లోకి వెళ్ళి షట్టర్ 1/125, ISO 400 పెట్టాను, ఆ రోజు వెలుగుకి సరిపోయింది. మీ దగ్గర Pro లేకపోతే బిడ్డ నుదుటి మీద వేలు నొక్కి పట్టుకోండి, ఐఫోన్ లో AE/AF LOCK అని పడుతుంది, మిగతా వాటిల్లో తాళం గుర్తు వస్తుంది, తర్వాత వేలు కొంచెం పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది. చర్మం తెల్లగా పాలిపోయేంత పెంచకండి, చుట్టిన గుడ్డలో మడతలు కనిపిస్తున్నంత వరకే. మొహాన్ని నున్నగా చేసే బ్యూటీ ఫిల్టర్ ఆపండి, అది వెంట్రుకల్లాంటి నూగునీ, ముక్కు మీది తెల్ల చుక్కల్నీ చెరిపేసి బిడ్డని మైనపు బొమ్మ చేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ కూడా చెవి అంచుల్నీ జుట్టునీ కోసేస్తుంది, మామూలు మోడ్ లోనే తియ్యండి. ఫ్లాష్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా, ఇక్కడ దాని అవసరమే లేదు, ముందు నుంచి కొడితే చర్మం నూనె మెరుపు కొట్టి అసలు మెత్తదనమే పోతుంది, నిద్ర కూడా చెడుతుంది.

ఇరవై నిమిషాల్లో ఓ ముప్పై తీశాం, కదిలిస్తే వాడు మూతి ముడిచాడు, అంతే ఆపేశాం. అందులో చివరకి వాళ్ళు అచ్చు వేయించుకున్నది నేను ప్లాన్ చేసింది కాదు. బిడ్డ లేచి ఏడుస్తుంటే వాళ్ళ అమ్మమ్మ కాళ్ళు బారజాపి కూర్చుని, నీళ్ళు పోసేటప్పుడు పడుకోబెడతారు చూడండి, అలాగ కాళ్ళ మధ్య గాడిలో వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టుకుంది. వాడి తల ఆవిడ పాదాల వైపు, ఆవిడ పాదాలు కిటికీ వైపు, వెలుగు నేను చెప్పినట్టే నుదుటి మీద నుంచి పడుతోంది. ముడతలు పడ్డ చీలమండలు, వాటి మధ్య ఇంతంత పిడికిళ్ళు. ఇంత క్షేమమైన పోజు ఇంకోటి లేదు, ఏ స్టూడియో పరుపూ అంత బాగా బిడ్డని పట్టుకోదు. మీ అత్తగారు ఒప్పుకుంటే మీరూ ముందు ఇదే తియ్యండి, ఆవిడకీ ఓ పని చెప్పినట్టుంటుంది. తల తేలిగ్గా వెనక్కి వాలి ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, అదొక్కటి చూసుకోండి.

ఇప్పుడు పచ్చదనం. దీంట్లో రెండు వేరు వేరు విషయాలున్నాయి, కలిపెయ్యకండి. బిడ్డ పక్కన తెల్ల గుడ్డ పెట్టి ఫొటో తియ్యండి. గుడ్డ కూడా పచ్చగా వస్తే అది బల్బు వెలుగో, ఫోన్ రంగు లెక్క తప్పో, లైట్లు ఆపితే సగం పోతుంది, మిగతాది Snapseed యాప్ లో White Balance తెరిచి, రంగు ఏరే గుర్తుతో ఆ తెల్ల గుడ్డని చూపిస్తే సర్దుకుంటుంది. గుడ్డ తెల్లగా ఉండి బిడ్డ ఒక్కడే పచ్చగా ఉంటే అది ఫొటో తప్పు కాదు, పచ్చకామెర్లు కావచ్చు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో మూడు నుంచి అయిదు రోజుల మధ్య అది ఎక్కువగా ఉండి తర్వాత తగ్గాలి, మీకు తొమ్మిదో రోజు. పగటి వెలుగులో నుదురూ ఛాతీ మీద వేలితో నొక్కి వదలండి, నొక్కిన చోట పచ్చగా కనిపించినా, కళ్ళలో తెలుపు పచ్చబడినా ఇవాళే పిల్లల డాక్టర్ కి చూపించండి. పచ్చదనం అరచేతులకీ పాదాలకీ పాకినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడుకున్నా సాయంత్రం దాకా కూడా ఆగకండి. కిటికీ దగ్గర ఎండలో పెడితే తగ్గిపోతుందని ఎవరైనా అంటారు, దాని మీద ఆధారపడకండి. ఎడిటింగ్ లో పసుపు రంగు తగ్గించి పంపమని నన్నూ అడుగుతారు, తెల్ల గుడ్డ ఫొటో చూశాకే చేస్తాను. ఒకసారి ఇలా గుడ్డ తెల్లగా, బిడ్డ పచ్చగా కనిపిస్తే ఫొటోలు ఆపేసి వాళ్ళని డాక్టర్ దగ్గరికి పంపాను.

ఎడిటింగ్ లో మిగతా పని చాలా తక్కువ. చర్మం పొట్టు రాలడం ఈ రోజుల్లో మామూలే, కళ్ళకి కొట్టొచ్చే ఒకటి రెండు రేకులు Healing తో తియ్యండి, గీతలు, ముడతలు వదిలెయ్యండి. కాటుక, దిష్టిచుక్క విషయంలో మీ ఇంటి ఇష్టం, కాకపోతే కళ్ళల్లోకి కాటుక పెట్టొద్దు, చుక్క అరికాల్లో పెడితే ఫొటోకీ అడ్డు రాదు. నూనె నలుగు పెట్టిన రోజు కాకుండా, నీళ్ళు పోసి ఒళ్ళు ఆరాక తియ్యండి, నూనె మీద వెలుగు మెరిసి మొహం చెమట పట్టినట్టుంటుంది. సాంబ్రాణి పొగ ఆ గదిలో వద్దు, అది బిడ్డ ఊపిరికి మంచిది కాదు.

మన ఊరి ప్రత్యేకం ఒకటుంది, లెన్స్. సముద్రపు గాలికి ఫోన్ లెన్స్ మీద జిగురు పొర పడుతుంది, మనకి తెలియదు, ఫొటో మాత్రం పొగలో తీసినట్టుంటుంది. మెత్తగా ఉంది కదా అని మోసపోకండి, అది మెత్తదనం కాదు, మసక. నూలు గుడ్డతో తుడిచి చూడండి. ఏసీ గదిలోంచి ఫోన్ ఉక్కగా ఉన్న గదిలోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి కమ్ముతుంది, పది నిమిషాలు ఆ గదిలో ఉంచి తర్వాత తియ్యండి.

పెద్ద పిల్ల ఉంటే తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టకండి, పక్కనే అదే బొంత మీద పడుకోబెట్టి తలలు దగ్గరగా పైనుంచి తియ్యండి, తాడు సంగతి మర్చిపోకుండా.

చివరగా, బారసాల ఇరవై ఒకటో రోజైతే ఆ రోజు కాకుండా కనీసం రెండు రోజుల ముందే తియ్యండి. ఆ రోజు వచ్చిన ప్రతివాళ్ళూ ఎత్తుకుంటారు, ముద్దులు పెడతారు, పాలు టైం తప్పుతాయి, సాయంత్రానికి ఇక ఎవరి మాటా వినడు. ఇప్పుడు తొమ్మిదో రోజు అంటున్నారు కాబట్టి ముందు ఆ తెల్ల గుడ్డ పరీక్ష చేసి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన పని లేదనుకుంటే ఈ వారమే తీసుకోండి. గాఢ నిద్ర ఎక్కువగా పోయే రోజులివి, మూడు వారాలు దాటితే ఇంత తేలిగ్గా పడుకోడు.